రిటైర్మెంట్ విందులో తొలి పలుకులు, తొలి గ్లాసు

ప్రశ్న: మా బ్యాంకు బ్రాంచిలో హెడ్ క్యాషియర్ గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. 37 ఏళ్ల సర్వీసు. అదే రోజు రాత్రి హోటల్లో విందు పెట్టాం, సుమారు 80 మంది వస్తారు. అందరికంటే ముందు నేను లేచి అతిథులకు స్వాగతం చెప్పి, గ్లాసు ఎత్తించి టోస్ట్ చెప్పాలని మా మేనేజర్ గారు అన్నారు. నేను చేరి నాలుగేళ్లే అయింది. సార్ భార్య, పిల్లలు, పెద్దావిడైన వాళ్లమ్మగారు కూడా వస్తున్నారు, మందు ముట్టనివాళ్లే ఎక్కువ. ఎంతసేపు మాట్లాడాలి, ఏం చెప్పాలి, గ్లాసుల సంగతి ఎలా?

సమాధానం:

మీకు అప్పగించింది సన్మాన ప్రసంగం కాదు. ఈ తేడా మనసులో ఉంటే సగం బరువు తగ్గుతుంది. సార్ గుణగణాలు, సేవలు, సాధించినవి చెప్పడానికి మీ తరవాత అరడజను మంది మైకు పట్టుకుంటారు. మీ వంతు పని వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పడం, ఆయన్ని ఒక్క చిన్న విషయంలో కళ్లకు కట్టించడం, గ్లాసు ఎత్తించడం. ఇదంతా మూడు నిమిషాల్లో అయిపోవాలి. తెలుగులో తీరిగ్గా, అందరికీ వినపడేలా మాట్లాడితే నిమిషానికి తొంభై, వంద మాటలకు మించి పోవు. మధ్యలో చప్పట్లకు, జనం లేచి నిలబడడానికి దాదాపు ఒక నిమిషం పోతుంది. అంటే మీరు రాసుకోవాల్సింది రెండు వందల మాటల లోపే. కాగితం మీద అది మరీ కొంచెంగా కనిపించి ఇంకో పేరా కలపాలనిపిస్తుంది. కలపకండి. చేతిలో గ్లాసు ఉన్న మనిషి నాలుగో నిమిషంలో దాన్ని బల్ల మీద పెట్టేస్తాడు, లేకపోతే తాగేస్తాడు.

ముందు గ్లాసుల సంగతి చూద్దాం, ఎందుకంటే టోస్ట్ చెడేది మాటల వల్ల కంటే గ్లాసుల వల్లే ఎక్కువ. మీరు మైకు పట్టుకునేసరికి ప్రతి మనిషి ముందూ నిండిన గ్లాసు ఉండాలి. "గ్లాసులు ఎత్తండి" అన్నాక వెనక టేబుళ్లవాళ్లు వెయిటర్ కోసం చెయ్యి ఊపుతుంటే ఆ క్షణం పోయినట్టే, మళ్లీ రాదు. మందు ముట్టనివాళ్లే ఎక్కువ అన్నారు కాబట్టి అందరికీ ఒకటే పానీయం పెట్టించండి. కొందరి చేతిలో ఒకటి, ఇంకొందరి చేతిలో ఇంకొకటి ఉంటే చూపులు గ్లాసుల మీదకే పోతాయి, పెద్దలున్న టేబుళ్ల దగ్గర ఇబ్బంది కూడా. తాగేవాళ్ల ఏర్పాటు ఏదైనా ఉంటే అది తరవాత, వేరేచోట. ద్రాక్షరసం బాగుంటుంది, రంగు దూరానికి కూడా కనపడుతుంది, ఫొటోల్లోనూ బాగుంటుంది. నన్నారి షర్బత్ కూడా మంచిదే. సోడా కలిపినవైతే ముందే పోసి పెడితే చప్పబడిపోతాయి. కాఫీ, టీలు ఈ పనికి రావు, ఎనభయ్యో కప్పు చేతికందేసరికి మొదటి కప్పు చల్లారిపోతుంది.

గ్లాసుకు వంద మిల్లీలీటర్లు చాలు. ఎనభై మందికి ఎనిమిది లీటర్లు, ఒలికేదానికీ చెప్పకుండా వచ్చేవాళ్లకూ కలిపి తొమ్మిది లీటర్లు చెప్పండి. షుగర్ ఉన్న పెద్దలు తప్పకుండా ఉంటారు, వాళ్ల కోసం ఓ పదిహేను గ్లాసుల్లో పల్చటి మజ్జిగ పోయించి ఏ టేబుల్‌కు వెళ్లాలో ముందే చెప్పి పెట్టండి. ట్రేలో పన్నెండు, పదిహేను గ్లాసులు పడతాయి. ఆరేడు ట్రేలు తిరగాలి కాబట్టి ముగ్గురు వెయిటర్లున్నా ఐదారు నిమిషాలు పడుతుంది. హాల్ చూసుకునే కెప్టెన్‌తో ముందే మాట్లాడుకోండి. మీరు సైగ చేయగానే గ్లాసులు పంచడం మొదలవ్వాలి, పంచడం అయ్యాక ఆయన మీకు చెయ్యెత్తి చూపాలి, అప్పుడే మీరు లేవాలి. మీరు మాట్లాడే మూడు నిమిషాలూ స్నాక్స్ తిరగకూడదు, పాటలు ఆగాలి. వేడి వేడి బజ్జీల ట్రే పక్కనుంచి పోతుంటే ఎంత మంచి మాటైనా వినపడదు.

ఇంకొకటి, మీది బ్యాంకు కాబట్టి చెప్పాలి. నెలాఖరు రోజు హెడ్ క్యాషియర్ రిటైరవడమంటే నగదంతా లెక్కచూసి, స్ట్రాంగ్ రూమ్ తాళాలు కొత్తవాళ్లకు అప్పగించి, రిజిస్టర్లో సంతకాలు పెట్టాకే బయటపడడం. ఆయన విందుకు అలసిపోయి, ఆలస్యంగా రావచ్చు. కార్డులో ఏడు గంటలని వేసినా మనసులో ఎనిమిది అనుకోండి. ఆయన వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, ఇంటివాళ్లను ఒకసారి పలకరించాకే మొదలుపెట్టండి. ముఖ్య అతిథి ఆలస్యమైతే మాత్రం ఆగక్కర్లేదు, ఈ గ్లాసు ముఖ్య అతిథి కోసం కాదు. అయితే ఆ మాట మేనేజర్ గారి చేత ముందే అనిపించుకోండి.

ఇక స్వాగతం. మన సభల్లో స్వాగతమంటే వేదికనలంకరించిన పెద్దల పేర్లు, హోదాలతో సహా, వరసగా చదవడం. అది ఇక్కడ చేస్తే మీ మూడు నిమిషాలూ అందులోనే పోతాయి. పైగా పది పేర్లు చదివితే పదకొండో మనిషి నొచ్చుకుంటాడు. ఆ పేర్లన్నీ తరవాత వ్యాఖ్యాత వేదిక మీదికి పిలిచేటప్పుడు ఎలాగూ చదువుతారు. మీరు పేరుతో పిలవాల్సింది సార్ ఇంటివాళ్లను మాత్రమే. మిగతావాళ్లను గుంపులుగా పిలవండి: కలిసి పనిచేసి రిటైరైనవాళ్లు, వేరే బ్రాంచిల నుంచి వచ్చినవాళ్లు, ఖాతాదారులు, రీజనల్ ఆఫీసు అధికారులు. ప్రతి గుంపు పేరు చెప్పినప్పుడు వాళ్లు కూర్చున్న వైపు ఒక్కసారి చూస్తే చాలు, పేరు పెట్టి పిలిచినట్టే ఉంటుంది. హోదా ప్రకారం అధికారులను ముందు పిలవాలని మీ బ్రాంచిలో ఎవరైనా పట్టుబడితే, ఒప్పించడానికి ప్రయత్నించండి. ఆ రాత్రి హాల్లో ఎవ్వరూ తెలియకుండా కూర్చునేది ఇంటివాళ్లే. మొదటి వాక్యంలో వాళ్లను కలుపుకుంటే తరవాత రెండు గంటలూ వాళ్లు అతిథుల్లా ఉండరు. భార్యగారిని మామూలుగా ఆంటీ అనో అక్క అనో పిలుస్తున్నా మైకులో పేరు పెట్టి, "గారు" చేర్చి పిలవండి. ఆ పేరు సరిగ్గా ఎలా పలకాలో ముందే అడగండి. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా, రాలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నదీ కనుక్కోండి. తెలియక "అమ్మానాన్నలకు స్వాగతం" అనేస్తే అది ఆయన్ని ఆ రాత్రంతా గుచ్చుతుంది.

నాలుగేళ్ల సర్వీసున్న మీరు 37 ఏళ్ల గురించి ఏం చెప్పగలరన్నది మీ అసలు బెంగ అనుకుంటాం. 37 ఏళ్ల గురించి చెప్పకండి. మీరు చూసిన ఒక్క పని చెప్పండి. అది దొరకకపోతే ముగ్గుర్ని అడగండి: బ్రాంచిలో ఎక్కువకాలంగా ఉన్న అటెండర్ని, సార్‌తో పనిచేసి రిటైరైన ఒకరిని, ఇంటివాళ్లలో ఒకరిని. ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. "సార్ ఎలాంటివారు?" అంటే "చాలా మంచివారు, నిజాయతీపరులు" అంటారు, ఆ మాట ఆ రాత్రి ప్రతి వక్తా చెప్పేదే. "సార్ రోజూ చేసే పని, వేరేవాళ్లు చేయనిది, ఏదైనా ఉందా?" అని అడగండి. అప్పుడు చేతులు, బల్ల, నోట్లు, అలవాటైన ఒక మాట బయటికొస్తాయి. అలా దొరికినదాంట్లో ఒక్కటే తీసుకోండి. రెండోది ఎంత బాగున్నా తరవాత మాట్లాడేవాళ్లకు ఇచ్చేయండి, సంతోషిస్తారు.

అంకెలు మాత్రం జ్ఞాపకాల మీద ఆధారపడి చెప్పకండి. చేరిన సంవత్సరం, అప్పటి ఉద్యోగం పేరు, మొదటి బ్రాంచి సర్వీసు రికార్డు చూసి రాసుకోండి. తొలి పలుకుల్లోనే ఏడాది తప్పితే ముందు వరసలోంచి పెద్దాయనెవరో దిద్దుతారు, అక్కడితో హాలంతా ఆ లెక్కలో పడుతుంది. "ఈ రోజుతో సార్‌కు అరవై నిండాయి" అనడం కూడా తరచూ జరిగే పొరపాటు. అరవై ఆ నెలలో ఎప్పుడో నిండి ఉంటాయి, రిటైరయ్యేది నెల చివరి రోజున. నెల ఒకటో తేదీన పుట్టినవాళ్లయితే ముందు నెలాఖరుకే రిటైరవుతారు. పుట్టినరోజు ఊసు ఎత్తకపోవడమే మేలు.

ఒక నమూనా చూడండి. వివరాలు ఊహించి రాసినవి, మీకు దొరికినవి వాటి చోట పెట్టుకోండి. 1989లో చేరి 2026లో రిటైరవుతున్న మనిషి అనుకుందాం.

"అందరికీ నమస్కారం. మా బ్రాంచి తరఫున మీకందరికీ స్వాగతం.

ముందుగా సార్ వాళ్లమ్మగారికి, సార్ భార్య ఫలానా గారికి, పిల్లలకు. అమ్మా, నెలాఖరు రోజుల్లో, మార్చి 31న సార్ ఇంటికి ఆలస్యంగా వచ్చింది మా పని వల్లే. అన్నేళ్లు ఓర్చుకున్నందుకు ముందు మీకు మా చప్పట్లు.

సార్‌తో పనిచేసి రిటైరైన పెద్దలకు, వేరే బ్రాంచిల నుంచి వచ్చిన మిత్రులకు, మా ఖాతాదారులకు, రీజనల్ ఆఫీసు అధికారులకు స్వాగతం.

సార్ 1989లో క్యాషియర్-కమ్-క్లర్క్‌గా చేరారు. లెడ్జర్లు చేత్తో రాసే రోజులు. నేను చేరి నాలుగేళ్లే, నేను చూసింది కౌంటర్ దగ్గరి సార్‌ని. పెన్షన్ల రోజున సార్ పొద్దున్నే వంద నోట్లు, యాభై నోట్లు విడిగా తీసి పెట్టుకునేవారు. ముసలమ్మలకు ఐదు వందల నోటిస్తే ఊళ్లో చిల్లర దొరకదని. డబ్బు చేతిలో పెట్టి, 'నా లెక్క అయింది, ఇక మీ లెక్క కానివ్వండమ్మా' అనేవారు. ఆవిడ లెక్కపెట్టుకునేదాకా తరవాతి మనిషిని పిలిచేవారు కాదు. 2016 నవంబరులో నోట్ల మార్పిడికి లైను రోడ్డెక్కిన రోజుల్లో కూడా ఇదే పద్ధతని మా అటెండర్ గారు చెప్పారు. ఇప్పుడు నా కౌంటర్లో నేనూ ఆ మాటే అంటున్నాను.

లేవగలిగినవాళ్లందరూ గ్లాసు తీసుకుని లేవండి. సార్, మీరు మాత్రం కూర్చోవాలి."

ఇక్కడ ఆగండి. జనం లేవడానికి, కుర్చీలు జరగడానికి పది సెకన్లయినా పడుతుంది. ఆ చప్పుడులో మాట్లాడితే చివరి వాక్యం పోతుంది. సద్దుమణిగాక:

"ఆ 37 ఏళ్లకు, రేపటి నుంచి సార్‌కు దొరికే తీరిక ఉదయాలకు గ్లాసులు ఎత్తుదాం. మన ఫలానా సార్‌కి!"

ఈ నమూనాలో రెండు మూడు విషయాలు గమనించండి. చప్పట్లు ముందే, గ్లాసులు బల్ల మీద ఉండగానే కొట్టించాం. గ్లాసు పట్టుకుని నిలబడ్డాక ఎవరూ చప్పట్లు కొట్టలేరు, కాబట్టి చప్పట్లు కోరే మాట చివర్లో పెడితే అది గాల్లో కలిసిపోతుంది. అలాగే పేరును వాక్యం మధ్యలో పెట్టకుండా అన్నిటికంటే చివర పెట్టాం. "ఫలానా సార్‌కి ఆయురారోగ్యాలు కలగాలని మనసారా కోరుకుంటూ గ్లాసులు పైకెత్తుదాం" అంటే ఎక్కడ ఎత్తాలో జనానికి తెలియదు. ముందు టేబుల్ ఎత్తి దించేసరికి వెనక టేబుల్ ఎత్తుతుంది. పేరు చివర పడితే అదే సైగ అవుతుంది, ఆ పేరునే అందరూ ఒక్క గొంతుతో తిరిగి అంటారు. దానికోసం మీ టేబుల్‌లో నలుగురికి ముందే చెప్పి ఉంచండి: మీరు పేరు అనగానే వాళ్లు గట్టిగా "ఫలానా సార్‌కి!" అనాలి. నలుగురు అంటే ఎనభై మందీ అంటారు. ఎవరూ అనకపోతే మీ ఒక్కరి గొంతే మిగిలిపోతుంది.

"లేవగలిగినవాళ్లు" అన్నది కూడా ఊరికే వేసింది కాదు. అందరూ లేవాలంటే వాళ్లమ్మగారు మోకాళ్లు పట్టుకుని లేవబోతారు.

ఈ పద్ధతిలో ఎవరి పేర గ్లాసు ఎత్తుతామో ఆయన కూర్చునే ఉంటారు, అప్పుడు తాగరు. తనకు తానే శుభం పలుక్కున్నట్టు అవుతుంది కదా. కానీ మన పెద్దలు నలుగురు లేస్తే తామూ మొహమాటంతో లేచి చేతులు జోడిస్తారు. అందుకే సార్‌కు ముందే ఒక మాట చెప్పండి, పక్కన కూర్చునే మనిషికి ఇంకో మాట చెప్పండి. అయినా లేచి నమస్కారం పెడితే పెట్టనివ్వండి, మైకులో దిద్దకండి. అందరూ ఒక గుక్క తాగాక ఆయన తన గ్లాసు అందరివైపూ ఎత్తి తాగితే బాగుంటుంది.

గ్లాసు ఛాతీకి కాస్త పైకి, కుడిచేత్తో ఎత్తితే చాలు. దూరంగా ఉన్నవాళ్ల గ్లాసుకు గ్లాసు తగిలించడానికి బల్లల మీదుగా వంగక్కర్లేదు, ద్రాక్షరసం పట్టుచీరల మీద పడితే మరక పోదు. మీ చేతులు కూడా లెక్క చూసుకోండి: మైకు, కాగితం, గ్లాసు మూడూ రెండు చేతుల్లో పట్టవు. మైకు స్టాండ్ అడగండి. లేదంటే పోస్టుకార్డంత అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, "లేవండి" అన్నాక దాన్ని బల్ల మీద పెట్టి గ్లాసు తీసుకోండి. చివరి వాక్యం ఒక్కటి కంఠతా వచ్చి ఉండాలి. మైకు గడ్డానికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి, పేర్లు చెప్పేటప్పుడు ఇంకాస్త నిదానించండి. గొంతు పూడుకుంటే ఆగి, అట్ట వైపు చూసి, ఆ వాక్యాన్ని మొదటినుంచి చదవండి. క్షమాపణ చెప్పక్కర్లేదు.

ఏం చెప్పకూడదన్నదీ చూసుకోండి. రాని ప్రమోషను, దూరపు ట్రాన్స్‌ఫరు, ఏనాడో నగదులో వచ్చిన తేడా సరదాకైనా ఎత్తవద్దు. ఆయన నవ్వినా ఇంటివాళ్లకు అవి నవ్వులాటలు కావు. చేతికొచ్చే డబ్బు, పెన్షను లెక్కలు వద్దు. "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అనడం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది, కానీ రిటైరయ్యే మనిషికి ఆ మాట రేపటి నుంచి పని లేదన్నట్టే వినిపిస్తుంది. వ్యవసాయమో, మనవడో, ఆగిపోయిన ఇంటిపనో, ఆయన నిజంగా చేయాలనుకుంటున్నది ఏదైనా ఉంటే ఇంటివాళ్లను అడిగి, నమూనాలోని "తీరిక ఉదయాలు" తీసేసి అది పెట్టండి. "పదవికే విరమణ, మనిషికి కాదు", "మీరు లేని లోటు తీరనిది" వంటివి మీ తరవాత వచ్చేవాళ్లు తప్పక అంటారు, మీరు వదిలేయండి.

ముందు రోజు ఒకసారి ఫోన్లో టైమరు పెట్టుకుని, గొంతెత్తి, నిలబడి చదవండి. మనసులో చదివితే నిమిషంన్నరలో అయిపోయినట్టు అనిపించి ఇంకేదో కలుపుతారు. బయటికి చదివినప్పుడు రెండున్నర నిమిషాలు దాటితే ముందు సంవత్సరాల వివరాల్లో కోయండి, ఆ కౌంటర్ దగ్గరి దృశ్యాన్ని కోయకండి.

గ్లాసులు దిగాక మీ పని అయిపోయింది. "ధన్యవాదాలు, ఇప్పుడు..." అంటూ తరవాతి కార్యక్రమం చెప్పకుండా మైకు వ్యాఖ్యాతకు ఇచ్చి కూర్చోండి. శాలువా, పూలమాల, జ్ఞాపిక, సన్మాన పత్రం, ప్రసంగాలు అన్నీ ఆ తరవాతే. మీరు మాట్లాడుతుండగా రీజనల్ మేనేజర్ గారు హాల్లోకి వస్తే కాస్త తల వంచి నమస్కారం పెట్టి అక్కణ్నుంచే కొనసాగించండి, మళ్లీ మొదటికి వెళ్లకండి. ఆయన్ని వేదిక మీదికి పిలిచేటప్పుడు పూర్తి మర్యాదతో స్వాగతం చెప్పమని వ్యాఖ్యాతకు ముందే చెప్పి ఉంచితే సరిపోతుంది.